జుమ్మేరాత్ బజార్‌లో కొన్న పాత జాకెట్: రెండుసార్లు ఉతికినా ఒంటి వేడి తగలగానే వాసన మళ్ళీ వస్తోంది

మేఘన_దోమలగూడ

అందరికీ నమస్కారం. జనవరి నుంచి ఢిల్లీలో పీజీ చదువుకోబోతున్నాను. అక్కడి చలికి సరిపడా బట్టలు కొత్తవి కొనాలంటే బడ్జెట్ చాలదు. అందుకే మొన్న గురువారం ఫ్రెండ్‌తో కలిసి జుమ్మేరాత్ బజార్ వెళ్ళి మూడు కొన్నాను. ఒక జీన్స్ జాకెట్ 250, జిప్పున్న పాలిస్టర్ ట్రాక్ జాకెట్ 150, చేతి అల్లికలా ఉన్న ఉన్ని స్వెటర్ 200.

ఇంటికి రాగానే స్వెటర్ పక్కన పెట్టి, మిగతా రెండూ మెషీన్‌లో వేశాను. మాది పైనుంచి వేసే మెషీన్, వేడినీళ్ళు రావు. సర్ఫ్ మామూలుకంటే రెట్టింపు, కంఫర్ట్ రెండు మూతలు. ఆరాక ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే మంచి వాసనే. మర్నాడు ట్రాక్ జాకెట్ వేసుకుని బస్సెక్కాను. పది నిమిషాలు నిలబడ్డానో లేదో, చంకల దగ్గర నుంచి వేరే మనిషి చెమట వాసన. నాది కాదు, కచ్చితంగా చెప్పగలను. ఇంటికొచ్చి మళ్ళీ ఉతికాను. మళ్ళీ అదే కథ.

స్వెటర్ సంగతి వేరు. దానికి కలరా ఉండల వాసన, దాని కింద ఇంకేదో ముక్కిపోయిన వాసన. దాన్ని ఎలా ఉతకాలో తెలియక కవర్లోనే ఉంచాను.

రెండు ప్రశ్నలు. వాసన నిజంగా పోవాలంటే ఏం చేయాలి? రెండోది, వాసన పోతే క్రిములు కూడా పోయినట్టేనా? అమ్మకి గజ్జి గిజ్జి అంటుకుంటుందేమోనని టెన్షన్.

సుబ్బారావు_గుంటూరు

అమ్మా మేఘనా, ఇంత ఆలోచించక్కర్లేదు. బకెట్ నీళ్ళలో రెండు మూతలు డెట్టాల్ వేసి, సర్ఫ్ కూడా అందులోనే కలిపి, రాత్రంతా నానబెట్టు. పొద్దున్నే ఉతికి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరెయ్. మా ఇంట్లో నలభై ఏళ్ళుగా ఇదే పద్ధతి. ఎండని మించిన మందు లేదు. వాసన, క్రిములు రెండూ ఒకేసారి పోతాయి.

లలిత_నిజామాబాద్

మొదటిసారి ఉతికేటప్పుడు గుప్పెడు కళ్ళుప్పు వేసి చన్నీళ్ళలో అరగంట నానబెట్టండి. రంగు దిగకుండా ఉంటుందని అంటారు. నేను పోచంపల్లి చీరలన్నీ అలాగే చేస్తాను.

మేఘన_దోమలగూడ

లలిత గారూ, ఇవి కొత్త బట్టలు కావండీ, ఎవరో వాడినవి. రంగు గురించి కాదు నా బాధ, వాసన గురించి.

లలిత_నిజామాబాద్

అయ్యో, సరిగ్గా చదవక కొత్తవనుకున్నాను. కానీ ఆ జీన్స్ జాకెట్ వేడినీళ్ళలో వేసే ముందు రంగు సంగతి కూడా చూసుకోండి. లోపలి కుట్టు దగ్గర తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దితే నీలం అంటుతుందో లేదో తెలిసిపోతుంది. అంటితే మాత్రం వేరే వాటితో కలపొద్దు.

వైజాగ్_లాండ్రీ

పద్దెనిమిదేళ్ళుగా లాండ్రీలో పనిచేస్తున్నాను. మొదట హోటల్ దుప్పట్లు, ఇప్పుడు ఆస్పత్రివి కూడా వస్తాయి. కాస్త వివరంగా రాస్తాను.

మేఘన గారూ, మీ జాకెట్‌లో ఉన్నది వట్టి చెమట కాదు, ఒంటి జిడ్డు. పాలిస్టర్ నీటిని దగ్గరకు రానివ్వదు, నూనెనైతే పట్టుకుని వదలదు. అదే నూలుకైతే నీళ్ళు లోపలికి వెళ్తాయి కాబట్టి ఉతికినప్పుడు మురికి తేలిగ్గా వదులుతుంది. ఆ జిడ్డులోనే చెమట వాసన పుట్టించే బ్యాక్టీరియా బతుకుతుంది. చల్లటి నీళ్ళలో జిడ్డు కరగదు. మీరు పైన కంఫర్ట్ వేశారు, అది దారాల మీద ఒక పూతలా పరుచుకుంటుంది. రెట్టింపు వేసిన సర్ఫ్ కూడా చన్నీళ్ళలో పూర్తిగా జాడింపు కాదు. అంటే పాత జిడ్డు మీద మీరు రెండు పొరలు కప్పారు. పొడిగా, చల్లగా ఉన్నంతసేపు కంఫర్ట్ వాసనే వస్తుంది. ఒంటి వేడి తగలగానే కిందున్నది పైకొస్తుంది.

బస్సెక్కేదాకా ఆగకుండా ఇంట్లోనే తెలుసుకునే పద్ధతి ఒకటుంది. మా దగ్గర పాత బ్లేజర్లు వస్తే ఇలాగే చూస్తాం. జాకెట్ తిరగేసి, చంక భాగం మీద తడి చేతిరుమాలు పరిచి, ఇస్త్రీపెట్టె మధ్యరకం వేడిలో ఐదు సెకన్లు ఆన్చండి. తీసి వెంటనే వాసన చూడండి. ఆవిరితో పాటు వాసన వస్తే జిడ్డు ఇంకా ఉన్నట్టు. ఏమీ రాకపోతే పని అయిపోయినట్టు. పొడి బట్ట వాసన చూసి మాత్రం ఎప్పుడూ నమ్మకండి.

ఇప్పుడు మీ దగ్గర ఏం సామాను ఉంది? ఆక్సిజన్ బ్లీచ్ దొరుకుతుందా? సోడియం పెర్‌కార్బొనేట్ పేరుతో ఆన్‌లైన్‌లో కిలో ప్యాకెట్లు అమ్ముతారు. మరకలు తీసే పౌడర్ల మీద కూడా ఆ పేరు చూసి కొనొచ్చు. సీసాల్లో అమ్మే తెల్ల బ్లీచింగ్ ద్రావణం లాంటివి కాదు, అవి రంగు బట్టల్ని పాడు చేస్తాయి.

సుబ్బారావు_గుంటూరు

మరి డెట్టాల్‌కి ఏం లోటొచ్చింది లాండ్రీ గారూ? ఆస్పత్రుల్లో వాడేది అదేగా.

వైజాగ్_లాండ్రీ

డెట్టాల్‌ని తీసిపారేయడం లేదు సుబ్బారావు గారూ. మురికి, సబ్బు ఉన్న నీళ్ళలో కలిపితే దాని బలం చాలామటుకు అక్కడే ఖర్చయిపోతుంది. వాడాలనుకుంటే ఉతికి, జాడించి, చివరి నీళ్ళలో సీసా మీద రాసిన కొలతలో వేయాలి. అప్పుడు పనిచేస్తుంది. కానీ అది జిడ్డుని తీయదు, కాబట్టి వాసన పోదు. రెండు రోజులు డెట్టాల్ వాసన, మూడో రోజు నుంచి పాత వాసన.

ఆస్పత్రి దుప్పట్లకు మేము నమ్ముకునేది వేడినే. 65 డిగ్రీల్లో పది నిమిషాలు, లేకపోతే 71 డిగ్రీల్లో మూడు నిమిషాలు. బట్టంతా ఆ వేడికి చేరాకే లెక్క మొదలవుతుంది. ఇంట్లో మామూలు బట్టలకు 60 డిగ్రీల నీళ్ళు చాలు. 60 తట్టుకోలేని బట్టైతే 40 పైన వేడిలో ఆక్సిజన్ బ్లీచ్ తోడు చేయాలి.

మేఘన_దోమలగూడ

థర్మామీటర్ లేదన్నా. 60 డిగ్రీలని ఎలా తెలుస్తుంది?

వైజాగ్_లాండ్రీ

చెంబు లెక్క చాలు. కుతకుతా మరిగే నీళ్ళు ఒక చెంబు, కుళాయి నీళ్ళు ఒక చెంబు కలిపితే, బకెట్ లాక్కునే వేడి తీసేసినా 60కి దగ్గర్లో ఉంటుంది. ఒకటికి మూడు చెంబుల చన్నీళ్ళు కలిపితే 45 దగ్గర. మొదటిది జీన్స్‌కి, రెండోది ట్రాక్ జాకెట్‌కి. చన్నీళ్ళు ముందు పోసి, మరిగేవి తర్వాత పోయండి. 60 డిగ్రీల నీళ్ళలో చేయి పెడితే కాలుతుంది, కర్రతోనే తిప్పాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ బకెట్ బాత్రూంలో వదిలి పక్కకు వెళ్ళొద్దు.

ట్రాక్ జాకెట్‌కి ఇలా చేయండి. ముందు జేబులన్నీ తిరగేసి చూడండి. పాత బట్టల జేబుల్లో పిన్నులు, బ్లేడ్ ముక్కలు దొరికిన రోజులున్నాయి నాకు. తర్వాత చంకలు, కాలరు తడిపి, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి వేళ్ళతో రుద్ది పావుగంట ఉంచండి. గిన్నెల లిక్విడ్ జిడ్డు కోసమే చేసింది కదా, ఇక్కడా అదే పని చేస్తుంది. నురగ పోయేలా జాడించండి. ఎనిమిది లీటర్ల 45 డిగ్రీల నీళ్ళలో రెండు పెద్ద చెంచాల ఆక్సిజన్ బ్లీచ్ పూర్తిగా కరిగించాక జాకెట్ ముంచి, నాలుగు గంటలు వదిలేయండి. ముంచే ముందు లోపలి కుట్టు దగ్గర ఆ నీళ్ళే ఒక చుక్క వేసి పది నిమిషాలు చూడండి, రంగు మారితే మానేయండి. ఆ తర్వాత మామూలుగా ఉతకండి. సర్ఫ్ మీరు రోజూ వేసేదాంట్లో సగం, రెండుసార్లు జాడింపు, కంఫర్ట్ అసలొద్దు.

ఒక జాగ్రత్త. మిగిలిపోయిన బ్లీచ్ నీళ్ళని మూత బిగించిన సీసాలో దాచకండి. గాలి వదులుతూ ఉంటుంది, సీసా పగులుతుంది. ఎప్పటిదప్పుడు కలుపుకోవాలి.

ఫణి_హనుమకొండ

ఆరేళ్ళుగా సెకండ్ హ్యాండ్ బట్టలే వేసుకుంటున్నాను. ఒక్కసారి మామూలుగా ఉతికి వేసుకుంటాను. ఇంతవరకు ఏ రోగమూ రాలేదు. అనవసరంగా భయపెడుతున్నారేమో.

స్టాఫ్‌నర్స్_పద్మ

ఫణీ, నీకు రాకపోవడం మంచిదే. నేను చర్మవ్యాధుల ఓపీలో పనిచేస్తాను. బట్టల నుంచి అంటుకున్న కేసులు రోజూ రావు, ఆ మాట నిజమే. గజ్జి ఎక్కువగా మనిషి పక్కన మనిషి పడుకోవడం వల్లే అంటుకుంటుంది. కానీ ఎవరి ఒంటి మీద నుంచి వచ్చిందో తెలియని బట్టకి కాస్త జాగ్రత్త పడితే తప్పేముంది?

మేఘనా, మీ అమ్మగారికి చెప్పు. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలితే మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు. అందుకే బట్టల్ని గట్టిగా మూతికట్టిన కవర్లో వారం రోజులు ఉంచితే, ఉతకకముందే ఆ భయం తీరిపోతుంది. నీ స్వెటర్ గురువారం నుంచి కవర్లోనే ఉంది కాబట్టి ఆ పని నీకు తెలియకుండానే సగం అయిపోయింది. కవర్ మూతి ఊడిపోకుండా ఉంటేనే సుమా.

తామర విషయంలో మాత్రం కవర్ పనికిరాదు. ఆ ఫంగస్ బీజాలు బట్టల మీద నెలల తరబడి ఉండగలవు. వాటికి వేడినీళ్ళే కావాలి. నడుము దగ్గర, తొడల దగ్గర ఒంటికి అంటిపెట్టుకునే ప్యాంట్లు, లెగ్గింగులు కొన్నప్పుడు 60 డిగ్రీలు తప్పనిసరి అని మా ఇంట్లో పిల్లలకి చెప్తాను. లోదుస్తులు, సాక్సులు అయితే సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దనే అంటాను. జాకెట్ కింద ఎలాగూ ఇంకో చొక్కా ఉంటుంది.

నీ రెండో ప్రశ్నకి జవాబు: వాసన వేరు, క్రిములు వేరు. కలరా ఉండలు వేసి దాచిన బట్టలో పురుగు లేకపోయినా వాసన ఉంటుంది. ఏ వాసనా లేని బట్ట మీద కూడా తామర బీజాలు ఉండొచ్చు. కాబట్టి ముక్కుని నమ్మి క్రిములు పోయాయని అనుకోవద్దు.

సుబ్బారావు_గుంటూరు

ఎండ మాటేమిటి పద్మ గారూ? అదైనా ఒప్పుకుంటారా?

స్టాఫ్‌నర్స్_పద్మ

ఒప్పుకుంటాను సుబ్బారావు గారూ, సంతోషంగా. తడి ఉంటేనే క్రిములు పెరుగుతాయి. ఎండలో బట్ట గబగబా పొడిబారుతుంది, పైపొర మీద ఎండ కూడా కొంత చంపుతుంది. కానీ మందపాటి జాకెట్ లోపలి మడతలకు, కుట్ల కిందకు ఎండ చేరదు. అందుకే ఎండని ఉతుకుడు తర్వాత వాడాలి, ఉతుకుడికి బదులు వాడకూడదు.

డెంటన్_కిరణ్

టెక్సాస్ నుంచి. ఇక్కడ థ్రిఫ్ట్ స్టోర్లలో మా స్టూడెంట్స్ అందరం చలికాలం బట్టలు కొంటాం. గజ్జి కన్నా మా భయం నల్లులు. పోయినేడు మా రూమ్మేట్ ఒక కోటు తెచ్చి తిన్నగా అల్మారాలో తగిలించాడు. కోటు వల్లో, వేరే దేనివల్లో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం గానీ, నెల తిరిగేసరికి నలుగురం మంచాలు ఎండలో వేసుకున్నాం. నల్లులకి కవర్లో కట్టిపెట్టడం పనిచేస్తుందా?

వైజాగ్_లాండ్రీ

వారం రోజులు కట్టిపెడితే నల్లికి ఏమీ కాదు కిరణ్. తిండి లేకుండా నెలలు బతుకుతుంది. మీకు అక్కడ డ్రయర్ ఉంది కదా, అదే పెద్ద వరం. తెచ్చిన బట్టల్ని గదిలోకి తీసుకెళ్ళకుండా, కవర్‌తో తిన్నగా లాండ్రీ గదికి వెళ్ళి, పొడిగానే డ్రయర్‌లో పెద్ద వేడి మీద అరగంట తిప్పండి. డ్రయర్ సగానికి మించి నింపకండి, వేడి అన్నిటికీ అందాలి. ఆ తర్వాతే ఉతకండి. బట్టలు తెచ్చిన కవర్ బయటే పడేయండి.

హైదరాబాద్‌లో డ్రయర్ లేనివాళ్ళు కొనేటప్పుడే కాలర్ కింద, కుట్ల మడతల్లో, జిప్పు పట్టీ వెనక చూడాలి. నల్లటి చుక్కలు ఇంకు మరకల్లా కనిపిస్తే ఆ బట్ట అక్కడే వదిలేసి రండి. ఎంత చవకైనా సరే.

మేఘన_దోమలగూడ

చూశాను అన్నా, చుక్కలేమీ లేవు. హమ్మయ్య. ఆక్సిజన్ బ్లీచ్ ఆర్డర్ పెట్టాను, ఎల్లుండి వస్తుంది. ఈలోగా స్వెటర్ తీయనా? కలరా ఉండల వాసనకి వెనిగర్‌లో నానబెట్టమని ఒక వీడియోలో చూశాను.

వైజాగ్_లాండ్రీ

స్వెటర్ ఇప్పుడే తడపకండి. అందరూ చేసే పొరపాటు అదే. కలరా ఉండలు నీళ్ళలో కరిగేవి కావు, గాలిలో ఆవిరైపోయేవి. బీరువాలో పెట్టిన ఉండ ఏడాదికి చిన్నదైపోతుంది చూశారా, కరిగి కాదు, గాలిలో కలిసిపోయి. కాబట్టి ముందు గాలి, తర్వాత నీళ్ళు. డాబా మీద నీడలో, గాలి ఆడే చోట దండెం మీద పరిచినట్టు వేయండి, హ్యాంగర్‌కి వద్దు. వెచ్చటి మధ్యాహ్నాలు ఎక్కువ పనిచేస్తాయి. రోజుకోసారి తిరగేయండి. నాలుగైదు రోజులు పట్టొచ్చు, బాగా పట్టినదైతే ఇంకా ఎక్కువ.

వెనిగర్ జాడింపులో చెంచాడు వేస్తే ఉన్ని మెత్తగా ఉంటుంది, అంతవరకే. దానికి క్రిములు చంపే శక్తి ఉందని లెక్కేసుకోకండి. తెల్ల బ్లీచింగ్ ద్రావణంతో వెనిగర్ ఎప్పుడూ కలపకూడదు, ఆ గాలి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది.

సుజాత_తెనాలి

కలరా ఉండల మాట వచ్చింది కాబట్టి నా సొంత విషయం రాస్తున్నాను. అందరూ చదవాలి.

మా అమ్మాయికి బాబు పుట్టినప్పుడు, మన అలవాటు ప్రకారం మొదట పాత బట్టలే వేయాలని, మా పెద్దమనవడి చొక్కాలు, మెత్తటి చీర ముక్కలు ట్రంకుపెట్టెలో నుంచి తీశాను. ఆ పెట్టెలో కలరా ఉండలు ఉన్నాయి. తీసి దులిపి అలాగే వేశాను. ఉతికినవే కదా అని మళ్ళీ ఉతకలేదు, ఎండలో కూడా వేయలేదు. మూడో రోజుకి బాబు ఒళ్ళంతా పసుపు. పుట్టిన పిల్లలకి కామెర్లు మామూలే అనుకున్నాం గానీ, బాగా ఎక్కువైపోయి లైట్ కింద పెట్టారు, రక్తం కూడా తగ్గింది. అప్పుడు పిల్లల డాక్టరు గారు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "బట్టలు ఎక్కడి నుంచి తీశారు?" అని.

మా బాబుకి రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉందని పరీక్షలో తేలింది. అలాంటి పిల్లలకి ఆ ఉండల ఆవిరి రక్తకణాల్ని చిట్లిస్తుందట. లోపం ఉందని పుట్టగానే ఎవరికి తెలుస్తుంది చెప్పండి? ఇప్పుడు వాడు రెండో తరగతి, బాగున్నాడు. కానీ ఆ వారం రోజులు నేను నా చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాను.

పెద్దవాళ్ళ స్వెటర్ సంగతి మీరు మాట్లాడుకోండి. పసిపిల్లలకి మాత్రం ఆ వాసన ఏ మాత్రం ఉన్న బట్టా వేయొద్దు. బొంత అయినా సరే.

స్టాఫ్‌నర్స్_పద్మ

సుజాతమ్మా, మీరు తెలియక చేశారు. ఈ సంగతి రాసినందుకు చాలా థాంక్స్. మీరు చెప్పింది అక్షరాలా నిజం. జీ6పీడీ లోపమున్న పసిపిల్లల్లో ఇలా జరుగుతుందని మాకు డ్యూటీలో కూడా చెప్తారు. సెకండ్ హ్యాండ్‌లో పిల్లల బట్టలు కొనేవాళ్ళు ఆ వాసన తగిలితే కొనకపోవడమే మేలు. ఇంట్లో దాచేటప్పుడు కూడా పిల్లల బట్టల్లో ఆ ఉండలు వేయకండి. ఉతికి బాగా ఆరబెట్టి మూతబిగించే డబ్బాలో పెడితే చాలు.

మేఘన_దోమలగూడ

సుజాత ఆంటీ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. మా పిన్ని కూతురికి వచ్చే నెల డెలివరీ. అమ్మ వెంటనే పిన్నికి ఫోన్ చేసింది. పెట్టెలో ఉన్న పాత బట్టలన్నీ పక్కన పెట్టేశారు.

(మూడు రోజుల తర్వాత)

అప్డేట్ రాస్తున్నాను. ఆక్సిజన్ బ్లీచ్ వచ్చింది.

ముందు ఇస్త్రీపెట్టె పరీక్ష చేశాను. రుమాలు ఎత్తగానే వచ్చిన వాసనకి తల పక్కకి తిప్పుకున్నాను. రెండుసార్లు ఉతికిన జాకెట్ అది! తర్వాత అన్న చెప్పినట్టే చంకల్లో గిన్నెల లిక్విడ్ రుద్దాను. తెల్ల నురగ కాసేపటికి బూడిదరంగుకి తిరిగింది. ఎనిమిది లీటర్ల నీళ్ళలో రెండు చెంచాలు కరిగించి ముంచాను. నాలుగు గంటల తర్వాత చూస్తే నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి, పైన సన్నటి జిడ్డు తెట్టు. మెషీన్‌లో సగం సర్ఫ్‌తో ఒక ఉతుకుడు, రెండు జాడింపులు. ఆశ్చర్యం ఏంటంటే, నేను వేసింది సగమే అయినా మొదటి జాడింపులో ఇంకా బోలెడు నురగ వచ్చింది. పాత సర్ఫ్ అంతా అప్పుడు వదిలినట్టుంది.

ఆరాక మళ్ళీ ఇస్త్రీపెట్టె పెట్టాను. కుడి చంకలో ఏమీ లేదు. ఎడమ చంకలో కొంచెం ఉంది, పోల్చి చూస్తేనే తెలిసేంత.

జీన్స్ జాకెట్‌కి ఒకటికి ఒకటి చెంబు లెక్కన వేడినీళ్ళు పోసి, సర్ఫ్ వేసి కర్రతో తిప్పి గంట ఉంచాను. రంగు కాస్త దిగింది, లలిత గారు చెప్పినట్టు విడిగా వేయడం మంచిదైంది. వాసన పూర్తిగా పోయింది. నూలు బట్ట ఇంత తేలిగ్గా వదులుతుందా!

వైజాగ్_లాండ్రీ

బాగా చేశారు. ఎడమ చంకకి ఇంకొక్కసారి గిన్నెల లిక్విడ్, ఇంకొక్క నానుడు. ఈసారి కూడా నాలుగు గంటలే, రాత్రంతా వద్దు. ఇనుప జిప్పుని ఎక్కువసేపు నానబెడితే మచ్చలు పడతాయి. రెండోసారికి కూడా పోకపోతే ఆ చోట జిడ్డు ఏళ్ళ తరబడి ముదిరినట్టు. అలాంటివి మా దగ్గరికీ వస్తాయి, కొన్ని పూర్తిగా వదలవు. పాలిస్టర్ పాతది కొనేటప్పుడు అంగట్లోనే చంక భాగాన్ని గుప్పిట్లో అరనిమిషం పట్టుకుని వేడెక్కించి వాసన చూడమని అందుకే చెప్తాను.

మెషీన్ డ్రమ్ము అంచులు, సర్ఫ్ వేసే అర కూడా ఒకసారి తుడిచేయండి. అక్కడ కంఫర్ట్ జిగట పేరుకుంటే ఉతికిన బట్టకి మళ్ళీ చెమ్మ వాసన పడుతుంది.

లలిత_నిజామాబాద్

ఉన్ని స్వెటర్ ఉతికే విషయం నేను చెప్పగలను, మా అమ్మ ఏటా ఉతికేది. ఐదారు కుంకుడుకాయలు కొట్టి గింజ తీసి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి వడకట్టండి. ఆ రసం గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, స్వెటర్‌ని అరచేత్తో మెల్లగా నొక్కుతూ ఉతకండి. రుద్దొద్దు, పిండొద్దు. జాడించే నీళ్ళు కూడా అదే వెచ్చదనంలో ఉండాలి. వెచ్చటి నీళ్ళలో నుంచి చన్నీళ్ళలోకి మారిస్తే ఉన్ని బిగుసుకుని చిన్నపిల్లల స్వెటర్ అయి కూర్చుంటుంది. తర్వాత పొడి తువ్వాల్లో చాపలా చుట్టి నొక్కితే నీళ్ళు దిగుతాయి. నులక మంచం మీద పరిచి ఆరెయ్యండి. తగిలిస్తే చేతులు మోకాళ్ళ దాకా సాగుతాయి.

వైజాగ్_లాండ్రీ

లలిత గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. ఉన్నికి ఆక్సిజన్ బ్లీచ్, చాకలి సోడా రెండూ వద్దు, దారం పెళుసైపోతుంది. ఆరాక తడిగుడ్డ వేసి ఆవిరి ఇస్త్రీ చేయండి, ఒక్కో చోట నిదానంగా. వేడినీళ్ళు వాడలేని ఉన్నికి క్రిముల కోసం నేను చేసేది ఇదే.

స్టాఫ్‌నర్స్_పద్మ

ఆవిరి ఇస్త్రీ చేస్తే మంచిదే. కానీ వారంగా ఎవరూ వేసుకోకుండా ఉండి, ఉతికి, లోపల నూలు చొక్కాతో వేసుకునే స్వెటర్‌కి అంత అవసరం ఉందా అని నా అనుమానం. చేతి అల్లిక ఆవిరికి సాగిపోతుంది కూడా.

వైజాగ్_లాండ్రీ

ఇస్త్రీపెట్టె బరువు మోపకుండా అంగుళం ఎత్తులో పట్టుకుంటే సాగదు పద్మ గారూ. తెలియని చోటు నుంచి వచ్చిన ఉన్నిని నేను ఆవిరి పట్టకుండా కస్టమర్‌కి ఇవ్వను. ఇంట్లో వాడుకునేవాళ్ళు మీ మాట విన్నా నాకు అభ్యంతరం లేదు.

సుబ్బారావు_గుంటూరు

మేఘనా, నేనూ నిన్న ఒక పని చేశాను. నా పాత నడక టీషర్టు, రోజూ డెట్టాల్‌లో నానేదే, దానికి ఇస్త్రీపెట్టె పరీక్ష పెట్టాను. లాండ్రీ గారు చెప్పినట్టే వాసన వచ్చింది. అది పాలిస్టర్. నా నూలు బనియన్లకి రాలేదు. నూలుకి నా పద్ధతి సరిపోతోంది, అందుకే ఇన్నేళ్ళూ తేడా తెలియలేదు. ఆ పౌడర్ పేరు మా అబ్బాయికి రాసిచ్చాను.

మేఘన_దోమలగూడ

సుబ్బారావు గారూ, మీ టీషర్ట్ ఎలా వచ్చిందో తప్పకుండా రాయండి.

స్వెటర్ డాబా మీద వేసి ఇవాళ్టికి నాలుగో రోజు. మొదటిరోజు మెట్లెక్కుతుండగానే కలరా ఉండల వాసన తగిలేది. ఇప్పుడు ముఖానికి ఆనిస్తేనే తెలుస్తోంది. కింద ఉన్న ముక్కిపోయిన వాసన మాత్రం అలాగే ఉంది. అది ఉతికితే పోతుందేమో. కుంకుడుకాయలు అమ్మ నానబెట్టింది. ట్రాక్ జాకెట్ ఎడమ చంక రెండోసారి బకెట్లో ఉంది, సాయంత్రం తీస్తాను. రెండూ ఆరాక ఇస్త్రీపెట్టె పెట్టి చూసి ఇక్కడే రాస్తాను.